ప్రతి నిద్రకీ ఒక పూత

మా అమ్మ నన్ను ముక్కుసూటి మనిషి అనేది. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియదు గానీ, నా ఉద్యోగం మాత్రం ముక్కు మీదే నిలబడింది. బందరు దాటి బంటుమిల్లి వెళ్ళే దారిలో రొయ్యలు ఒలిచి, మంచులో గడ్డకట్టించి, పై దేశాలకు పంపే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, రాత్రి షిఫ్టుకి వచ్చే ఆడవాళ్ళ చేతులూ గోళ్ళూ మొహాలూ చూసి లోపలికి పంపడం నా పని. గాజులు, బొట్టుబిళ్ళ, పూలు, పౌడరు, క్రీము, సెంటు ఏవీ లోపలికి వెళ్ళకూడదు. కంటికి దొరకనిదాన్ని ముక్కుతో పట్టుకోవాలి. మల్లెపూలు కొప్పులోంచి తీసేసి వచ్చినా నాకు తెలిసిపోతుంది. పదిమంది మధ్య అలా ముక్కు ఎగబీలుస్తూ నిలబడటం గొప్ప ఉద్యోగమేమీ కాదు. మావాళ్ళు చాటుగా నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. అది ఒక జంతువు పేరు, నాలుగు కాళ్ళది.

చెరువుల్లో రొయ్య పట్టుబడి అయ్యాక లోడ్లు మా దగ్గరికి చేరేది పొద్దువాలాకే. రొయ్య ఆగదు కాబట్టి మేం రాత్రంతా ఆగాలి. మంచునీళ్ళలో చేతులు, రబ్బరు బూట్లలో కాళ్ళు, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ. లోపలికి వెళ్ళాక ఒకరికొకరం కళ్ళు తప్ప ఇంకేమీ కాదు. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడ్డవాళ్ళు బజారులో పూర్తి మొహంతో ఎదురైతే పోల్చుకోలేకపోయిన సందర్భాలున్నాయి.

గేటు దగ్గర ఈ కట్టుబాటు ఉండటం వల్ల మావాళ్ళకి ఒక అలవాటు వచ్చింది. మొహానికి ఏం రాసుకోవాలన్నా తిరుగు ప్రయాణంలో, ఫ్యాక్టరీ బస్సులో రాసుకునేవారు. పొద్దున్నే బస్సు బందరు దాటి చల్లపల్లి దారి పట్టేసరికి ఎడమవైపు కిటికీల్లోంచి ఎండ నేరుగా మొహాల మీద పడేది. ఆ ఎండలో, రొయ్యల వాసన వదలని వేళ్ళతో, 'నైట్ క్రీమ్' అని రాసున్న డబ్బాలు మూతలు తెరుచుకునేవి. రాత్రి రాసుకోవలసింది తెల్లవారాక రాసుకోవడం తప్పని ఎవరికీ తోచలేదు. మాకు రాత్రి మొదలయ్యేదే అప్పుడు కదా.

నాకూ తోచలేదు. నలభై దాటాక నా గడ్డం మీద మొటిమలు మొదలయ్యాయి. వయసులో రావలసినవి వరసతప్పి వచ్చాయనుకుని ఊరుకున్నాను గానీ, గేటు దగ్గర ఇతరుల చర్మం పరీక్ష చేసే మనిషికి ఆ మొహం ఏం బావుంటుంది? బందరులో ఒక చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన జెల్ ఒకటి రాసిచ్చి, రాత్రిపూట రాసుకోమన్నారు. నేను బుద్ధిగా తిరుగు బస్సులో రాసుకున్నాను. వారం తిరిగేసరికి చెంపలు కాలిన అప్పడంలా అయ్యాయి.

మళ్ళీ వెళితే ఆయన చీటీ చూసి, నన్ను చూసి, "రాత్రి అని రాశాను కదమ్మా" అన్నారు.

"ఎవరి రాత్రండీ? మీ రాత్రి నాకు పగలు" అన్నాను.

ఆయన నవ్వారు, తరవాత కలం పక్కన పెట్టేసి వివరంగా చెప్పారు. రాత్రంటే గడియారంలోది కాదు, నా నిద్ర. ఆ జెల్ రాసిన చర్మం ఎండని ఓర్చుకోలేదు. కాబట్టి ఫ్యాక్టరీలో మొహం కడుక్కుని, బస్సెక్కే ముందు ఎండని ఆపే క్రీము రాసుకోవాలి. ఇంటికెళ్ళి అది కడిగేసి, తడి ఆరనిచ్చి, అప్పుడు జెల్ శనగగింజంత. దాని మీద తేమ నిలిపే మామూలు క్రీము. ఆపైన గది చీకటి చేసుకుని పడుకోవాలి. లేచి మళ్ళీ ఎండలోకి వెళ్ళవలసి వస్తే మళ్ళీ ఎండ క్రీము.

"చర్మం తనని తాను బాగుచేసుకునే పని ఎక్కువగా నిద్రలోనే జరుగుతుంది. నిద్ర తెగితే ఆ పనీ తెగుతుంది. లోపలి తడి బయటికి పోతుంది, మొహం వాడుతుంది, కళ్ళకింద నల్లబడుతుంది, దెబ్బ తొందరగా మానదు. నిద్రకి బదులు రాసుకునే క్రీము ఇంకా రాలేదమ్మా" అన్నారాయన.

దెబ్బల సంగతి నేను గేటు దగ్గరే చూశాను. రొయ్య కొమ్ము గుచ్చుకున్న వేలు, ఇంట్లో సరిగ్గా పడుకోగలిగిన పిల్లకి రెండు మూడు రోజుల్లో మానేది. పడుకోలేని పిల్లకి పచ్చిగానే ఉండేది. పచ్చి పుండుతో లోపలికి పంపకూడదు కాబట్టి నిద్రలేనివాళ్ళకే సెలవు దొరికేది, జీతం లేని సెలవు.

డాక్టరుగారి మాట మర్నాడే బస్సులో చెప్పాను. "రాత్రంటే నిద్ర. నిద్రకి ముందు రాసుకోండే, ఎండలో కాదు" అని. నా ఉపన్యాసాలకి మామూలుగా ఆవలింతలే బహుమానం. ఈ ఒక్కటి మాత్రం అందరూ విన్నారు.

అందరికంటే శ్రద్ధగా విన్నది నాగాయలంక వైపు నుంచి వచ్చే పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఆమెకే నాలుగేళ్ళ కూతురు. మొగుడు రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. ఇంట్లో ఇద్దరూ పగలు పడుకునేవాళ్ళే, పాపని చూసే మూడో మనిషి లేరు కనుక పగలు ఎవరికీ నిద్ర ఉండేది కాదు. పొద్దున కాసేపు పడుకుంటుంది. కూతురు అంగన్‌వాడీ నుంచి వచ్చేవేళకి లేచి వండి పెడుతుంది. మధ్యాహ్నం మళ్ళీ ఒరుగుతుంది. ఈలోపు చేపలమ్మే ఆమె కేక, పక్కింటి టీవీ. రేకుల ఇల్లు, కిటికీకి రొయ్యల మేత గోతం కట్టినా వెలుతురు సందుల్లోంచి దూరుతుంది. ఇరవై ఆరేళ్ళకే ఆమె కళ్ళకింద నా కళ్ళకింద కంటే ఎక్కువ చీకటి ఉండేది.

ఆ పిల్లకి ఒకటే కోరిక, రాత్రి పని మానేయడం. గుడివాడలో ఒక చీరల షాపులో ఆడవాళ్ళకి చీరలు విప్పి చూపించే పని ఖాళీ ఉందని వాళ్ళ మేనత్త కబురు చేసింది. మేనత్తది గుడివాడ పక్కనే నందివాడ. అక్కడా చెరువులున్నాయి, మొగుడికి కాపలా పని దొరుకుతుంది. పగలు పని, రాత్రి నిద్ర, పక్కన కూతురు. ఆశగా వెళ్ళి షాపాయనని కలిసి వచ్చింది. మర్నాడు బస్సులో నా పక్కన కూర్చుని చెప్పింది.

"మాట బానే ఉంది, చెయ్యి చురుగ్గా ఉంది అన్నాడక్కా. మరి ఏవిటంటే, మొహం నిద్రపోయినట్టు లేదంట. చీర భుజం మీద వేసి చూపించాలి కదా, మొహం కళగా ఉండాలంట. పండగల ముందు జనాన్ని తీసుకుంటాను, అప్పుడు రామ్మా అన్నాడు."

"నిద్రపోవడానికే కదే ఆ ఉద్యోగం?"

"అదే కదక్కా. నిద్రపోవాలంటే ఆ పని కావాలి, ఆ పని కావాలంటే ముందు నిద్రపోయిన మొహం కావాలి. ఎక్కడ అప్పు తెచ్చేది?"

నా దగ్గర ఉంటే ఇచ్చేదాన్నే. నా మొహంలోనూ నిల్వ లేదు.

ఆ మొహం ఆమెకి ఒక తెల్ల డబ్బాలో దొరికింది. అవనిగడ్డలో ఇంటి దగ్గరే బ్యూటీపార్లరు నడిపే ఒకామె అమ్మేదట. పైన పేరు లేదు, లోపల ఏముందో రాసిన కాగితం లేదు. మూత మీద ఎవరికీ చదవరాని అక్షరాలేవో ఉన్నాయి. రాసుకున్న కొద్ది వారాలకే ఫలితం కనిపించింది. నలుపు విరిగి, మొహం లోపల దీపం పెట్టినట్టు తెల్లబడింది. బస్సంతా ఆమె చుట్టూ మూగారు.

"ఏం రాస్తున్నావే?"

"రాత మార్చుకుంటున్నాలే పిన్నీ" అని నవ్వేది.

ఎలా రాస్తున్నావని ఎవరో అడిగితే నా వైపు చూపించింది. "అక్క చెప్పిందిగా, రాత్రంటే నిద్రేనని. నేను పడుకునేది రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు. పడుకున్నప్పుడల్లా రాస్తున్నా. ప్రతి నిద్రకీ ఒక పూత." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నిద్ర ముక్కలైన మనిషికి రాత్రులు కూడా ఎక్కువే కదా అన్నాను. ఆ రోజు బస్సులో బాగా పేలిన మాట అది.

షిఫ్టుకి వచ్చేటప్పుడు మాత్రం శుభ్రంగా కడుక్కుని వచ్చేది. గేటు దగ్గర నా ముక్కుకి ఏమీ దొరికేది కాదు.

వానాకాలం మధ్యలో ఆమె కళ్ళు ఉబ్బడం మొదలైంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. రాత్రి పనిచేసేవాళ్ళలో కళ్ళు ఉబ్బనిది ఎవరికి? ఇంకా నిద్ర చాలలేదు కాబోలని అందరమూ అన్నాం. ఆమె మరో పూత పెంచింది. తరవాత కాళ్ళు. గేటు లోపల రబ్బరు బూట్ల అర ఉంటుంది. తన సైజు బూటు ఎక్కడం లేదని పెద్దది తీసుకుంది. దానికీ మా దగ్గర జవాబుంది. రాత్రంతా నిలబడితే కాళ్ళు వాయవా? మా రోగాలన్నిటికీ ఒకటే పేరు, నైట్ డ్యూటీ. ఏ బాధ చెప్పినా అందులో ఇమిడిపోతుంది.

అయితే నా పని మొహాలు చూడటం. సాయంత్రం గేటు దగ్గరా చూస్తాను, పొద్దున బస్సులోనూ చూస్తాను. ఎంత తెగిన నిద్రయినా కాస్త పడుకుని వచ్చిన మొహం సాయంత్రానికి కొంత తేరుకుని ఉంటుంది. తెల్లవారేసరికి వాడి, కళ్ళు లోపలికి పోయి, నీళ్ళు పోయని మొక్కలా వేలాడుతుంది. మా అందరిదీ అదే వరస. ఆ పిల్ల ఒక్కతే దానికి ఎదురు నడిచేది. పడుకుని లేచి వచ్చిన సాయంత్రం రెప్పలు తేనెటీగ కుట్టినట్టు ఉండేవి. రాత్రంతా నిలబడి పనిచేశాక పొద్దున బస్సులో వాపు దిగి, కళ్ళు విచ్చుకుని, మా అందరిలోకీ ఆమే కళగా కనిపించేది.

"చూశావా అక్కా, నాకు నైట్ డ్యూటీయే పడింది. పడుకుంటేనే పాడవుతున్నా" అంది ఒకరోజు. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు చెప్పలేకపోయాను. లెక్క ఎక్కడో తిరగబడిందని మాత్రం అనిపించింది.

దసరా దగ్గర పడింది. షాపాయన రమ్మన్న రోజు వచ్చేస్తోంది. "ఈ రెప్పల వాపు ఒక్కటి తగ్గిస్తే చాలక్కా, మీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళు" అని తనే అడిగింది. షిఫ్టు దిగాక బస్సు వదిలేసి, ఇద్దరం బందరులోనే ఆగి, ఆయన వచ్చేదాకా మెట్ల మీద ఒకరి మీద ఒకరు వాలి కునుకు తీశాం. పిలిచి లేపేసరికి ఆమె కళ్ళు మళ్ళీ ఉబ్బి ఉన్నాయి.

డాక్టరుగారు ముందు ఆ తెల్లటి మొహం చూశారు. తరవాత మెడ చూశారు. మొహానికీ మెడకీ మధ్య గీత గీసినట్టు రంగు తేడా.

"వాపు ఎప్పుడు ఎక్కువమ్మా?"

"పడుకుని లేచాకండీ. నిలబడితే తగ్గుద్ది. అప్పుడు కాళ్ళకి వచ్చుద్ది."

"లేచాక ఎంతసేపు ఉంటుంది?"

"డ్యూటీకి వెళ్ళాక కూడా ఉంటదండీ. తెల్లారేటప్పటికి దిగుద్ది."

ఆయన లేచి వచ్చి ఆమె కాలి ముందెముక మీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నారు. వేలు తీశాక అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. ముగ్గురం ఆ గుంట వైపు చూశాం. అది పూడలేదు.

"మూత్రం నురగగా వస్తోందా?"

ఆమె నా వైపు చూసింది. సిగ్గుపడి, "సబ్బు నీళ్ళలాగా వస్తందండీ. నీళ్ళు తక్కువ తాగుతున్నానేమో అనుకున్నా" అంది.

"నిద్ర లేకపోయినా కళ్ళు ఉబ్బుతాయి, కాదనను. అది కాసేపటికి దిగిపోతుంది. ఇంతసేపు ఉండదు, ఇలా సొట్ట పడదు." ఆయన చీటీ మీద రాస్తున్నారు. "ముందు మూత్రం పరీక్ష. మొహానికి ఏం రాస్తున్నావో అది తెచ్చావా?"

డబ్బా ఆమె సంచిలోనే ఉంది. ఆయన మూత తీసి చూసి, వెనక్కి తిప్పి, అక్షరాల కోసం వెతికి, మళ్ళీ మూత పెట్టేశారు.

"రోజుకి ఎన్నిసార్లు?"

"పడుకున్నప్పుడల్లా అండీ."

ఆయన నా వైపు చూడలేదు. చూస్తారేమోనని నేను మాత్రం గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను.

"ఇలా ఏమీ రాయకుండా అమ్మే తెల్ల క్రీముల్లో పాదరసం కలుపుతున్నారు. అది తొందరగా తెల్లబరుస్తుంది, నిజమే. చర్మం లోంచి లోపలికీ దిగుతుంది. దిగి కిడ్నీలకి పట్టుకుంటుంది. ఇందులో ఉందో లేదో పరీక్ష చేస్తే గానీ చెప్పలేను. కానీ ఈ రోజు నుంచి చుక్క కూడా ముట్టుకోకు."

"ఆపేస్తే మళ్ళీ నల్లబడతానా అండీ?" అంది ఆ పిల్ల. "వచ్చే వారం గుడివాడ వెళ్ళాలండీ."

"వెళ్ళవలసింది బెజవాడమ్మా" అన్నారాయన మెల్లగా.

మూత్రంలో పోకూడని ప్రొటీను కుండ పగిలినట్టు పోతోందని మధ్యాహ్నానికి తెలిసింది. మర్నాడే మొగుడు వచ్చి బెజవాడ తీసుకెళ్ళాడు. అక్కడ పెద్దాసుపత్రిలో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. ఒంట్లో పాదరసం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ ఉందని తేలింది. క్రీము ఆపితే ఇలాంటివి చాలామందికి నెమ్మదిగా తగ్గుతాయని అక్కడి డాక్టర్లు అన్నారట. ఆ మాట పట్టుకుని వారం నెట్టుకొచ్చారు. అంతలో ఎడమకాలు ఒక్కటే బాగా వాచి, ఎర్రబడి, నెప్పి మొదలైంది. ప్రొటీను అలా పోతున్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుందట. కాలిలో కట్టిన గడ్డలోంచి ఒక ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. దసరా నాడు ఆమె ఆక్సిజన్ మీద ఉంది. గుడివాడ షాపులో ఆ రోజు ఎవరు చీరలు చూపించారో నాకు తెలియదు.

బస్సులో సంగతి చెప్పాను. ఎవరూ ఆవలించలేదు. ఇంకో ముగ్గురి దగ్గర అలాంటి డబ్బాలే ఉన్నాయి. ముగ్గురికీ మూత్రం పరీక్ష చేయించాం, ఇద్దరికి ఏమీ లేదు. మూడో ఆమెకి కొద్దిగా ఉంది, క్రీము ఆపాక తగ్గుతూ వచ్చింది. డబ్బాలు కాలవలోకి విసరబోతుంటే ఆపాను, ఆ నీళ్ళు ఎవరు తాగాలో తెలియదని. మూడూ డాక్టరుగారికి అప్పజెప్పాను. పార్లరు ఆమె తాళం వేసి ఎక్కడికో వెళ్ళిపోయింది. నేను ఫ్యాక్టరీలో పైవాళ్ళని కలిసి, వరసగా రాత్రులు వేయకుండా షిఫ్టులు మార్చమని అడిగాను. చూద్దాం అన్నారు. కొన్నాళ్ళకి గేటు దగ్గర ఒక బోర్డు పెట్టారు, ముఖ సౌందర్య సాధనాలు నిషేధం అని. అవి అంతకుముందూ నిషేధమే.

ఒకరోజు బస్సు దిగబోతూ ఒకామె నా చెయ్యి పట్టుకుంది. "అది రాయకూడదు సరే. మరి ఈ మొహానికి ఏం రాయమంటావు?" అంది. బస్సెక్కే ముందు ఎండ క్రీము, ఇంటికెళ్ళాక మామూలు తేమ క్రీము అని మొదలుపెట్టాను. ఆమె సగంలోనే తల అడ్డంగా ఊపి దిగిపోయింది. ఆమె అడిగింది అది కాదని నాకూ తెలుసు.

సంక్రాంతి హడావిడి అంతా సద్దుమణిగాక నాగాయలంక వైపు వెళ్ళాను. ఆ పిల్ల ఇంటికి వచ్చేసింది. వాకిట్లో కుర్చీలో కూర్చుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉంది. చిక్కిపోయింది. రక్తం పలచబడే మందు వాడుతోంది. కాలు నెప్పి వల్ల కాసేపు కూడా నిలబడలేకపోతోంది. ఎక్కువసేపు నిలబడే పని ఇప్పట్లో వద్దన్నారు. చీరల షాపులో పనంతా నిలబడే. మా ఫ్యాక్టరీలోనూ అంతే. నెలనెలా మూత్రం పరీక్షకి బెజవాడ వెళ్ళి వస్తోంది. ప్రొటీను పోవడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

"పడుకోగలుగుతున్నావా?" అని అడిగాను.

"అదొక్కటే పనక్కా నాకు. చీకటి పడగానే పడుకుంటన్నా, తెల్లారాక లేస్తన్నా. పక్కనే పాప. మందుల వల్లో ఏమో, మధ్యలో మెలకువే రాదు." తరవాత మొహం నా వైపు తిప్పింది. "నువ్వు మొహాలు చూసేదానివి కదా, చూసి చెప్పు. ఇప్పుడు నిద్రపోయినట్టు ఉందా?"

చూశాను. మొహం తన రంగుకి తిరిగి వచ్చేసింది, దివిసీమ ఎండలో పుట్టి పెరిగిన రంగు. రెప్పలు పలచగా, వాపు లేకుండా ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో నేను చూసిన ఆ కళ్ళకింది నలుపు ఇప్పుడు లేదు. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన నా మొహం దాని ముందు ఎలా ఉందో ఊహించుకోగలను.

"ఉంది" అన్నాను. అది అబద్ధం కాదు.

"అయితే ఇప్పుడు వెళ్తే తీసుకునేవాడే" అంది ఆమె. స్టూలు మీది కాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కొంచెం పక్కకి జరిపి పెట్టుకుంది.